బుర్ఖా నంబరు, గౌను పొడవు

జాబితా మంగళవారం పొద్దున ఫోనులోకి వచ్చింది. నూట నలభై పేర్లు, ప్రతి పేరు పక్కన ఒక అంకె. యాభై, యాభైరెండు, యాభైనాలుగు, యాభైఆరు, యాభైఎనిమిది. అంతే. ఎత్తు లేదు. ఛాతీ లేదు. లోపల చీర కడతారో, పంజాబీ డ్రెస్సు వేసుకుంటారో, ఆ మాటే లేదు. తెరను రెండు వేళ్ళతో పెద్దది చేసి చూశాను, పక్కకు జరిపి చూశాను. దాక్కున్నదేమీ లేదు.

డిగ్రీ పట్టాల వేడుకలకు మేం అద్దెకిచ్చే గౌన్లలో అన్నిటికంటే పొడుగుది యాభైఒకటి. అంటే మెడ వెనక నుంచి కింది అంచు దాకా యాభైఒక్క అంగుళాలు. ఐదడుగుల తొమ్మిదో పదో ఉన్న మనిషి అది వేసుకుంటే పిక్క సగానికి వస్తుంది. అక్కడికే రావాలి కూడా. యాభైఎనిమిది అంగుళాల గౌను పిక్క మీద ఆగాలంటే ఆడపిల్ల ఆరున్నర అడుగుల పైమాటే ఉండాలి. జాబితాలో అలాంటివాళ్ళు పదకొండు మంది ఉన్నారు.

"ఏం కాలేజీ వదినా ఇది? తాటిచెట్లకు డిగ్రీలు ఇస్తున్నరా?" అన్నాను.

వదిన అంటే మా ఆయన అక్క. కింది వాటాలో ఉంటుంది. ఈ గౌన్ల పని మా ఇద్దరిదీ. కుట్టడం, కొలవడం నావి, మాట్లాడటం ఆమెది. ఆమె కళ్ళద్దాలు ముక్కు మీదికి దించి జాబితా చూసింది.

"అడిగిన నంబరు ఇస్తే మన తప్పేముందే పిల్లా? లేనికాడ యాభైఒకటి ఇచ్చెయ్. ఎక్కువైతే ఎత్తి పట్టుకుంటరు."

"నూట నలభై యాభైఒకట్లు యాడున్నయి వదినా?"

"గది నువ్వు చూసుకో. నాకు లెక్కలు రావు."

ఆమెకు లెక్కలు రాకపోవడం అవసరాన్ని బట్టి ఉంటుంది.

నేను బడికి పోలేదు. చిన్నప్పటి ఆయాసం వల్ల మా అమ్మ ఇంట్లోనే కూర్చోబెట్టి చదువు చెప్పింది. గుడిలో, అంటే మా చర్చిలో, పాడుకునే పాటల పుస్తకంలో అక్షరాలు, కుట్టుమిషను పక్కనున్న టేపు మీద అంకెలు. అందుకే నాకు అంకె అంటే మొదట అంగుళమే. పెళ్ళయి ఈ ఇంటికి వచ్చాక మా అత్తగారు గుడి పాటల బృందానికి తెల్ల గౌన్లు కుడుతుంటే చేతికింద కుట్టాను. ఆ చేతిపనే నెమ్మదిగా నల్ల గౌన్లయింది. బడులు, కాలేజీలు అద్దెకు అడగడం మొదలుపెట్టాయి. దేవుడు ఏ తలుపు తీసినా లోపలికి పోవడమే నాకు తెలుసు. ఆ తలుపు వెనక ఇలాంటి జాబితా ఉంటుందని మాత్రం ముందుగా చెప్పడు.

ఈ ఆడపిల్లల డిగ్రీ కాలేజీ మా దగ్గరికి రావడం అదే మొదటిసారి. నేను ముందే ఒక కాగితం నా చేత్తో రాసి పంపాను. చెప్పులు విడిచి, గోడకు ఆనుకుని నిలబడి ఎత్తు చూసుకోవాలి. ఆ రోజు వేసుకునే బట్టల మీదనే, చంకల కింద నుంచి నిండుగా ఉన్నచోట టేపు తిప్పి ఛాతీ చూసుకోవాలి. తల చుట్టుకొలత, కొప్పుంటే కొప్పుతో, స్కార్ఫుంటే స్కార్ఫుతో. చివర ఒక గీత గీసి, "ఇంకేమైనా చెప్పాల్సింది ఉంటే రాయండి" అని కూడా పెట్టాను.

కాలేజీ ఆఫీసులో గుమస్తా ఒక పెద్దమనిషి. రిటైర్మెంటుకు దగ్గర్లో ఉన్నాడు. ఒక్క మాట గట్టిగా అనడు. ఆయనతో అదే చిక్కు, కోపం తెచ్చుకోవడానికి చోటివ్వడు. ఫోను చేశాను.

"సార్, నా కాగితం ఏమైంది?"

"ఉన్నదమ్మా, ఫైల్ల పెట్టిన. మస్తు నీట్‌గ రాసిండ్రు."

"పిల్లలకు ఇయ్యలేదా?"

"గంత పొడుగు క్వశ్చన్ పేపరెందుకని, గ్రూప్‌ల ఒక్కటే లైన్ పెట్టిన. 'గౌన్ సైజు పంపండి' అని. అరగంటల అందరు పంపిండ్రు. మా పిల్లలు మస్తు హుషారు."

"ఈ సైజులు కుదరయి సార్."

"వాళ్ళ సైజు వాళ్ళకు తెల్వదా అమ్మా? ఫికర్ చెయ్యకండ్రి." ఒక్క క్షణం ఆగి గొంతు తగ్గించాడు. "గని ఒక్కామెది మాత్రం జర మంచిగ చూడండ్రి. కామర్స్‌ల ఫస్ట్ వచ్చింది. ఇప్పుడు ఏడో నెల. వాళ్ళత్త స్టేజి ఎక్కనియ్య అంటున్నది. పోయినేడు ఒక పిల్ల మెట్ల మీద గౌను తొక్కి పడ్డది, ఆ ముచ్చట గామె చెవిల పడ్డది. గౌను మంచిగుంటెనే పంపిస్తదంట, లేకుంటే కుర్చీల కూసోని రమ్మన్నది. ఆమె సైజు అందరికన్నా చిన్నదే. యాభై."

ఫోను పెట్టేసి ప్రార్థనకు కూర్చున్నాను. కోపంలో ప్రార్థన చేస్తే అది ఫిర్యాదులాగా ఉంటుందని మా అమ్మ అనేది. ఆ రోజు నాది ఫిర్యాదే. శనివారమే వేడుక.

బుధవారం టేపు, సుద్దముక్క, సైజుకొక గౌను సంచిలో పెట్టుకుని వదినతో కలిసి కాలేజీకి పోయాను. వరండాలో ఒక స్తంభం మీద నేల నుంచి కొలిచి సుద్దతో గీతలు పెట్టాను. నాలుగడుగుల తొమ్మిది నుంచి ఐదడుగుల పది దాకా. గుమస్తా సార్ వచ్చి, "స్తంభానికి మొన్ననే సున్నం ఏపిచ్చినం అమ్మా" అన్నాడు, చాలా మర్యాదగా.

వరసలో మొదటి పిల్ల నల్ల బుర్ఖాలో ఉంది. స్తంభానికి ఆనించాను. ఐదడుగుల రెండు. జాబితాలో ఆమె పక్కన యాభైనాలుగు.

"బిడ్డా, నీకు యాభైనాలుగని ఎవరు చెప్పిండ్రు?"

"ఎవరు చెప్పాలె ఆంటీ? నా బుర్ఖా యాభైనాలుగే కదా! షాపుల అదే ఇస్తరు."

అప్పుడు నాకు అర్థమైంది. బుర్ఖా కొలత కూడా అంగుళాల్లోనే, భుజం మీద నుంచి మడమ దాకా. ఈ వీధుల్లో పెరిగిన పిల్లను నిద్రలో లేపి అడిగినా తన బుర్ఖా నంబరు చెబుతుంది. గౌను కూడా నల్లగా, వదులుగా, పైన వేసుకునేదే. ఇంకో కొలత ఉంటుందని ఎందుకు అనుకుంటారు? కాని బుర్ఖా మడమ దాకా పోతుంది, గౌను నేలకు తొమ్మిదంగుళాల పైనే ఆగాలి. ఈ పిల్లకు కావాల్సింది నలభైరెండు. నేను జాబితా నమ్మి ఉంటే ఆ వేదిక మీద నూట నలభై మంది నేల ఊడ్చుకుంటూ నడిచేవాళ్ళు.

వెనకున్న పిల్ల బొట్టు పెట్టుకుని చుడీదారులో ఉంది. ఆమె పేరు పక్కన యాభైఆరు రాసి ఉంది.

"మరి నువ్వు బుర్ఖా ఏసుకోవు గదా?"

"నాకు నంబరు తెల్వదని మా దోస్తును అడిగిన ఆంటీ. నన్ను మీదికెళ్ళి కిందిదాంక చూసి యాభైఆరు అన్నది."

"కరెక్టే చెప్పిన," అంది ఆ దోస్తు పక్కనుంచి. "దీనికి బుర్ఖా తీస్తే యాభైఆరే వస్తది."

"మేం రోజూ పొడుగు బట్టలే ఏసుకుంటం, బస్సులెక్కుతం," అంది ఇంకొకామె. "పడిపోతమా ఆంటీ?"

"బస్సెక్కేటప్పుడు ఒక చేత్తో ఎత్తి పట్టుకుంటవు. స్టేజి మీద ఒక చెయ్యి పట్టా తీసుకోవాలె, ఇంకో చెయ్యి టోపీ పట్టుకోవాలె. మూడో చెయ్యి ఉన్నదా?"

"దీనికి ఉంటది ఆంటీ. పరీక్షల్ల చూసిన."

నవ్వులు. ఆ నవ్వుల్లో వరస చెదిరి రెండు వరసలయింది. ఎవరిని కొలిచానో, ఎవరిని కొలవలేదో మళ్ళీ మొదటి నుంచి అడగాల్సి వచ్చింది.

ఒకామె మడమెత్తు చెప్పులు విప్పనంది, ఆ రోజు కూడా అవే వేసుకుంటుందట. ఎత్తు ఒట్టికాళ్ళ మీదే చూడాలని, గౌను వేసి చూసేటప్పుడు మాత్రం ఆ చెప్పులే కావాలని చెప్పాను. ఒకామె ఛాతీకి టేపు పెట్టగానే ఊపిరి లోపలికి లాగి కడుపు బిగబట్టింది, వరుడి ముందు నిలబడ్డట్టు. "శ్వాస వదులు తల్లీ, స్టేజి మీద ఎట్లైనా వదులుతవు," అన్నాను. ఎత్తును బట్టి పొడవు, ఛాతీని బట్టి వెడల్పు. ఇవి రెండు వేరువేరు లెక్కలు. ఛాతీ మీద గౌను ఇంకో ఎనిమిది, పదంగుళాలు వదులుగా ఉండాలి. అందుకే మా దగ్గర కొన్ని పొడవుల్లో మామూలుది, వెడల్పుది అని రెండు రకాలున్నాయి. లావుగా ఉన్నామని పెద్ద నంబరు అడిగితే వెడల్పుతో పాటు పొడవూ వస్తుంది, చేతులూ వేళ్ళు దాటిపోతాయి. ఇదంతా నూట నలభై సార్లు చెప్పాను. గుమస్తా సార్ మధ్యమధ్య వచ్చి, "యాభైరెండు అంటే ఇప్పుడు ఎంతమ్మా? అన్నిట్లకెళ్ళి పది తీసేస్తే సరిపోతదా?" అని అడిగాడు. కొందరికి సరిపోతుంది. అందరికీ సరిపోదు. ఆ మాట ఆయనకు చెప్పడమే నేను చేసిన పొరపాటు. మొదటి సగమే విన్నాడు.

ఏడో నెల పిల్ల చివర్లో వచ్చింది. అందరూ అయిపోయే దాకా బెంచీ మీద కూర్చుని చూసింది. చీర కట్టుకుంది. నాలుగడుగుల పది. ఆమె అత్తవాళ్ళది ఉస్మాన్‌గంజ్‌లో ఎండుమిర్చి టోకు వ్యాపారం. టేపు తిప్పడానికి దగ్గరికి వెళితే ఆ పిల్ల కొంగులోంచి కూడా ఘాటు తగిలి నాకు తుమ్ము వచ్చింది.

ఛాతీ నలభై. టేపు ఇంకా కిందికి జార్చి పొట్ట చుట్టూ తిప్పాను. నలభైఐదు.

"నీకు ఛాతీ లెక్క కాదు బిడ్డా. ఇప్పుడు నీకు పొట్టే లెక్క."

"గౌను ఉంటదా ఆంటీ?" అంది. నవ్వలేదు.

ఎత్తుకు ముప్పైతొమ్మిది కావాలి. మా ముప్పైతొమ్మిదులు అన్నీ సన్నపు పిల్లలకు కుట్టినవి. ఆమెకు జిప్పు పొట్ట దగ్గరే ఆగిపోతుంది. వెడల్పు రకం నలభైఐదు నుంచే మొదలు. అది ఆమెకు ఆరంగుళాలు ఎక్కువ.

"ఎక్కాలనే ఉన్నదా నీకు?" అని అడిగాను. "కుర్చీల కూసున్నా పట్టా ఇస్తరు గదా."

"ఇంటర్‌ల గూడ నేనే ఫస్టొచ్చిన ఆంటీ. ఆ రోజే నాకు పెళ్ళిచూపులు పెట్టిండ్రు. కప్పు మా తమ్ముడు పొయ్యి తెచ్చిండు. ఫోటోల వాడున్నడు." కొంగు సరిచేసుకుంది. "మూడేండ్లు మిర్చి బస్తాల మధ్యల కూసోని చదివిన. ఒక్కసారి ఎక్కుత."

గురువారం గౌన్లు బయటికి తీశాం. నాకు ఈ పనిలో అన్నిటికన్నా చిరాకు పుట్టించేది మెడ దగ్గర చీటీ. దాని మీద నలభైఐదని ఉంటుంది, కొలిస్తే నలభైమూడున్నర. ఎవరో ఎప్పుడో అంచు చిరిగితే మడిచి కుట్టారు, చీటీ మాత్రం అలాగే ఉంది. కాబట్టి చీటీని నమ్మకుండా ప్రతి గౌనునూ బల్ల మీద పరిచి టేపు పెట్టాలి. జిప్పు కింది నుంచి పై దాకా రెండుసార్లు లాగి చూడాలి; సగంలో ఆగేది సరిగ్గా పేరు పిలిచేటప్పుడే ఆగుతుంది. చంకల దగ్గర కుట్టు లాగి చూడాలి, చేతులు పైకెత్తితే మొదట పోయేది అదే. వెలుతురుకు పట్టి ఇస్త్రీ మెరుపు మరకలు చూడాలి. చంకల్లో వాసన కూడా చూడాలి. ఇది వదిన పని, ఆమె ముక్కు గొప్పది. భుజాల మీద వేసే రంగు పట్టీ చొక్కా గుండీకి తగిలించుకునేలా ముందు ఒక దారపు ఉంగరం ఉంటుంది. చీర జాకెట్టుకు ముందు గుండీ ఎక్కడిది? పట్టీ మెడ మీదికి జారి ఉరిలాగా బిగుస్తుంది. అందుకే ప్రతి సంచిలో ఒక పిన్నీసు. కామర్స్ పట్టీ ఒక రంగు, ఆర్ట్స్ పట్టీ ఇంకో రంగు. అవి కలిసిపోకూడదు. ఒక్కో సంచిలో గౌను, పట్టీ, టోపీ, కుచ్చు, పిన్నీసు. పైన పేరు చీటీ.

"ఎవరన్న మనకు గిన్ని చూసి ఇచ్చిండ్రా ఎప్పుడన్న?" అంది వదిన, ఇరవయ్యో చంక వాసన చూసి.

"మనం ఎప్పుడు అద్దెకు తీసుకున్నం వదినా?"

"గదే అంటున్న."

ఆ పిల్ల గౌను నేనే కుట్టాను. అద్దె గౌనుకు కత్తెర పెట్టకూడదు. మడిచి, తర్వాత విప్పేలా పెద్ద పెద్ద కచ్చా కుట్లు వేయాలి. కింద ఘేరా, అంటే అంచు చుట్టుకొలత, ఎక్కువ కాబట్టి మడత దగ్గర ముడతలు పడతాయి, వాటిని చిన్న చిన్న కుచ్చులుగా సర్దాలి. పొట్ట ముందుకు వచ్చినవాళ్ళకు గౌను ముందువైపు పైకి లేస్తుంది, వెనక కిందికి దిగుతుంది. సమానంగా మడిస్తే మెట్లు దిగేటప్పుడు వెనక అంచు పై మెట్టు మీద ఊడ్చుకుంటూ వస్తుంది. అందుకని ముందు ఐదంగుళాలు, వెనక ఏడు మడిచాను. చేతులు కూడా మణికట్టు దాకా ఎత్తాను. నల్లదారం అయిపోయింది. ఉన్న ముదురు నీలం దారంతో కుట్టి, ఇంట్లో అదన్నా ఉన్నందుకు స్తోత్రం చెప్పుకున్నాను.

శుక్రవారం అత్తాకోడళ్ళు మా ఇంటికి వచ్చారు. అత్త నిటారు మనిషి, గుమ్మంలోనే గౌను అడిగింది. కోడలికి నేను జిప్పు వేశాను, సులువుగా పైకి పోయింది. అత్త కింద గొంతుక్కూర్చుని అంచుకూ నేలకూ మధ్య జానతో కొలిచింది. తర్వాత లేచి మా మేడమెట్లు చూపించింది.

"ఎక్కు."

కోడలు ఎక్కింది.

"దిగు. కిందికి చూడకుంట దిగు. గాడ అందరు నీ మొఖం చూస్తరు, నువ్వు కాళ్ళు చూస్తవా?"

దిగింది. మూడుసార్లు ఎక్కించి దించింది. వదినకు ఓపిక పోయింది.

"అమ్మా, పిల్లకు పట్టా ఇస్తున్నరా, పోలీసు ఉద్యోగమా?"

అత్త ఆమెవైపు తిరగలేదు. నాతో చెప్పింది. "నాకు ఏడో నెలల, దుకాణం మెట్టు మీద చీర కుచ్చిళ్ళు కాలికింద పడ్డయి చెల్లె. మా పెద్దోడు గట్లనే పోయిండు. నాకెవరి మీద కోపం లేదు. మెట్టు మీదనే కోపం."

వదిన లోపలికి పోయి మంచినీళ్ళు తెచ్చింది.

"గీ గౌనైతె పంపిస్త," అంది అత్త నీళ్ళు తాగి. "గిదే ఉండాలె. ఇంకోటైతే పంపియ్య."

సంచిలో పెట్టి, ఆమె కళ్ళముందే చీటీ కుట్టాను.

శనివారం వేడుక పదకొండింటికి, ఒక ఫంక్షన్ హాలులో. సంచులు నేను పొద్దున్నే గుమస్తా సార్‌కు అప్పజెప్పాను, కోర్సుల వారీగా, రోల్ నంబర్ల వరసలో. ఒక పిల్ల టోపీ స్కార్ఫు మీద నిలవడం లేదంటే లోపల పట్టీ కుట్టడానికి పక్క గదిలోకి పోయాను. అరగంట కూడా పట్టలేదు.

తిరిగి వచ్చేసరికి నేను సర్దిన సంచులు లేవు. ఖాళీ సంచులు ఒక మూల గుట్టగా ఉన్నాయి, వాటి మీద నేను కుట్టిన పిల్లల పేర్ల చీటీలతో సహా. పక్కన ఐదు బల్లలు, అవీ ఖాళీగానే ఉన్నాయి. ప్రతి బల్లకు ఒక అట్టముక్క. యాభై, యాభైరెండు, యాభైనాలుగు.

"మీరు ఇటు పోయినంక మస్తు లొల్లైంది అమ్మా," అన్నాడు గుమస్తా సార్ సంతోషంగా. "నూట నలభై సంచులల్ల ఎవరిది యాడున్నదో ఎట్ల దొరకాలె? మీరు చెప్పినట్టే పది తీసేసి, సైజుల వారీగ పెట్టిచ్చిన. పది నిమిషాల్ల అందరు తీసుకున్నరు. చూడండ్రి, ఒక్కటి మిగల్లేదు."

నేను హాలు వైపు తిరిగాను. ఆయనకు అర్థమయ్యే మాట కోసం మంగళవారం నుంచీ వెతుకుతూనే ఉన్నాను. కొందరికి సరిగ్గానే వచ్చాయి, అది కూడా ఒప్పుకోవాలి. వెడల్పు గౌన్లు సన్నపిల్లల మీద గుడారాల్లా వేలాడుతున్నాయి. నిండైన పిల్లలు ఊపిరి బిగబట్టి నిలబడ్డారు. కామర్స్ పట్టీలు ఆర్ట్స్ మెడల్లో ఉన్నాయి. అవన్నీ చూసే తీరిక లేదు. వేదిక పక్కనే, ఇనుప మెట్ల దగ్గర, కోడలి చెయ్యి పట్టుకుని అత్త నిలబడి ఉంది. ఐదు మెట్లు, పట్టుకోవడానికి కమ్మీ లేదు. అందరి తర్వాత నెమ్మదిగా పోతే కోడలికి ఆఖరున మిగిలిన గౌను దక్కింది, అది చెప్పుల మీద పడి ఉంది. జిప్పు పొట్ట మీద దాకా వచ్చి ఆగింది.

"గిదేనా నువ్వు నాకు చూపిచ్చింది?"

"కాదమ్మా. మారింది. వెతికి తెస్త."

"మొదాలు కామర్సే పిలుస్తరట," అంది అత్త. నాకు చెబుతూనే కోడలివైపు తిరిగింది. "వద్దు చెల్లె. కూసుంటది. తియ్యే అది."

కోడలు జిప్పు మీద చెయ్యి పెట్టింది గాని తియ్యలేదు. నా వైపు చూసింది.

నూట నలభై నల్ల గౌన్లు వరసల్లో కూర్చుని ఉన్నాయి. చీటీ చూద్దామంటే అది మెడ లోపల ఉంటుంది. నాకు తెలిసిన ఆనవాలు ఒకటే, వెనక అంచులో మందంగా తగిలే ఏడంగుళాల మడత, నీలం కుట్లు. వంగి, ఒక్కో కుర్చీ వెనక నుంచి వేలాడే అంచును చేత్తో తడుముకుంటూ పోయాను. ఒకామె ఎలుక అనుకుని కాళ్ళు పైకి పెట్టుకుంది. "ఆంటీ, ఏం పడిపోయింది?" అంటూ ఇంకొకామె తన ఫోను లైటు వేసింది. ఇటుపక్క వదిన పని ఇంకా సులువు చేసింది. వేదిక ముందుకు పోయి, మైకు కూడా లేకుండా, "ఎవరి గౌను మోకాళ్ళ దాంక వచ్చిందో లేచి నిలవడుండ్రి!" అని అరిచింది.

నాలుగో వరసలో ఒక పొడుగుపిల్ల లేచింది. ఐదడుగుల ఎనిమిది ఉంటుంది. గౌను మోకాలికి కాస్త కింద ఆగింది, వెనకైతే ఇంకా పైకి. చేతులు మోచేతికి దగ్గర్లో ఉన్నాయి.

"ఇది చిన్నగున్నదని నీకు అనిపియ్యలేదా బిడ్డా?"

"అనిపిచ్చింది ఆంటీ. గని యాభైఎనిమిది టేబుల్ మీద పొడుగుయి అయిపోయినయి, పక్క టేబుల్ మీదికెళ్ళి తీసుకున్న. ఫోటోల నాది ఒక్కదానిదే డిఫరెంట్‌గ వస్తదని ఊకున్న."

కర్టెను వెనక ఇద్దరి గౌన్లూ మార్చాను. ఆ పొడుగుపిల్లకు ఈమె తీసేసిన నలభైఎనిమిది అచ్చంగా సరిపోయింది. ఆ ఒక్కటీ నేను వెతక్కుండానే దొరికింది, దానికి కృతజ్ఞురాలినే. ఈమెకు జిప్పు పై దాకా పోయింది. పట్టీకి పిన్నీసు పెట్టాను. తొందరలో ఒకసారి నా చేతికే గుచ్చుకుంది. అప్పటికే వేదిక మీద కామర్స్ అని పిలిచారు.

అత్త మెట్లకు అడ్డంగా నిలబడే ఉంది. అంతమంది ముందు గొంతుక్కూర్చుంది. అంచు పట్టుకుని లోపలికి తిప్పి, నీలం కుట్లు చూసింది. జానతో కొలిచింది. ముందు కొలిచి, వెనక్కి పోయి కొలిచింది. మైకులో ఆ పిల్ల పేరు రెండోసారి పిలిచారు. గుమస్తా సార్ చేతులు కట్టుకుని, "అమ్మా, జర జల్ది," అన్నాడు. అత్త తలెత్తి ఆయనవైపు ఒక్క చూపు చూసింది. నేను నాలుగు రోజులుగా వెతుకుతున్న మాట ఆ చూపులో ఉంది. ఆయన రెండడుగులు వెనక్కి వేశాడు.

ఆమె లేచి పక్కకు జరిగింది.

"కిందికి చూడకు," అంది కోడలితో.

ఐదు మెట్లు. నేను ఆ పిల్ల ముఖం చూడలేదు, చెప్పులే చూశాను. ప్రతి మెట్టు మీదా రెండు చెప్పులూ పూర్తిగా కనిపించాయి. పైన ఏం జరిగిందో చప్పట్లను బట్టే తెలిసింది. దిగేటప్పుడు వెనక అంచు పై మెట్టును తాకలేదు, ఒక అంగుళం పైనే ఉంది. ఆఖరి మెట్టు దగ్గర అత్త చెయ్యి చాచింది. కోడలు పట్టా ఆమె చేతిలో పెట్టి, ఖాళీ చేతులతో నేల మీదికి దిగింది.

అత్త పట్టాను అటూ ఇటూ తిప్పి చూసి చంకలో పెట్టుకుంది. నా దగ్గరికి వచ్చింది. మెచ్చుకుంటుందేమోనని నేను మొహమాటపడుతూ సిద్ధమయ్యాను.

"ఎనక ఇంకో అంగులం ఎత్తాల్సుండె చెల్లె," అంది. "పానమంత నోట్లకొచ్చింది నాకు."